వేలు నీదే, సిమ్ ఎవరి పేరున?

సౌదీ అరేబియాకు కొత్తగా వెళ్ళినవాడికి క్యాంపులో దిగిన రాత్రే ఎవరో ఒకరు సిమ్ చేతిలో పెడతారు. "గిది వాడుకో తమ్మీ, నాకాడ ఇంకోటున్నది" అంటాడు రూములోని పాతాయన. ప్రేమతోనే అంటాడు. చేరానని ఇంటికి చెప్పడానికి ఆ సిమ్ చాలు కూడా. చిక్కు మూడు నెలల తరువాత వస్తుంది. ఇఖామా చేతికొచ్చాక అబ్షర్ ఖాతా తెరవబోతే, జీతం పడే వాలెట్ యాప్‌లో నంబర్ కొట్టబోతే, ఈ నంబర్ మీ పేరున లేదని యంత్రం తిప్పి పంపుతుంది.

ఇఖామా గడువు చూసుకోవడం, ఖివా వేదికలో కంపెనీ పెట్టిన ఒప్పందాన్ని ఒప్పుకోవడం, ఇంటికి డబ్బు పంపడం ఇప్పుడు సౌదీలో ఫోన్ మీదే జరుగుతాయి. 2021 మార్చిలో వచ్చిన కార్మిక సంస్కరణల తరువాత యజమాని మారడం, ఎగ్జిట్ రీఎంట్రీ అడగడం కూడా అబ్షర్, ఖివాల ద్వారానే సాగుతున్నాయి. ఈ తలుపులన్నింటికీ తాళం ఫోన్‌కు వచ్చే ఓటీపీ. అందుకని సిమ్ కొనేటప్పుడు మనవాళ్ళు ముందు అడిగే ప్రశ్న, ఎన్ని జీబీలు ఇస్తాడు అనేది, నా లెక్కలో రెండోది. మొదటిది ఆ సిమ్ ఎవరి పేరున పడుతోంది అని. ఎందుకో తెలియాలంటే ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కలో ఏముందో చూడాలి.

సిమ్‌లో మన ఫోన్ నంబర్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. నెట్‌వర్క్ గుర్తుపట్టేది ఆ నంబర్‌తో కాదు. కార్డులో మనం ఎప్పుడూ చూడని, సాధారణంగా పదిహేను అంకెలుండే ఇంకో సంఖ్య ఉంటుంది. దాని మొదటి మూడు అంకెలు దేశానివి. భారత్‌లో తీసుకున్న సిమ్‌లో అవి 404 లేదా 405. సౌదీ సిమ్‌లో 420; మన దగ్గర ఆ అంకెకున్న పేరు వేరు గానీ, అక్కడ అది ఉత్త దేశ సంకేతమే. హైదరాబాద్‌లో విమానమెక్కినవాడు దమ్మామ్‌లో ఫోన్ ఆన్ చేయగానే అక్కడి టవర్ ఈ మూడంకెలు చూసి, ఇది బయటి దేశపు సిమ్ అని తెలుసుకుని, మన సిమ్ కంపెనీని అడిగి రోమింగ్‌లో పెడుతుంది.

సంఖ్య ఒక్కటే అయితే ఎవరైనా కాపీ కొట్టగలరు. అందుకే కార్డులో 128 బిట్ల రహస్య తాళంచెవి ఒకటి దాచి ఉంటుంది. అది కార్డు దాటి బయటికి రాదు. దాని నకలు కంపెనీ దగ్గర ఉంటుంది. నెట్‌వర్క్ ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. కార్డు తన తాళంచెవితో దాని మీద లెక్క చేసి జవాబు మాత్రమే తిరిగి పంపుతుంది. కంపెనీ దగ్గర అదే లెక్క చేసినప్పుడు అదే జవాబు వస్తే లైన్ దొరుకుతుంది.

ఇక మనం ఊరందరికీ ఇచ్చే ఫోన్ నంబర్ అసలు లెక్క కంపెనీ కంప్యూటర్‌లో ఉంటుంది. ఫలానా నంబర్‌కు ఫలానా కార్డు అని అక్కడ ఒక వరుస రాసి ఉంటుంది, అంతే. కార్డు పోయినా నంబర్ పోకపోవడానికి కారణం ఇదే. కొత్త కార్డు తెచ్చి ఆ వరుసను మారిస్తే పాత నంబర్ మళ్ళీ మోగుతుంది. కానీ ఆ వరుసను మార్చమని అడిగే హక్కు, ఆ నంబర్ ఎవరి గుర్తింపు సంఖ్య కింద ఉందో ఆ మనిషికే. పాతాయన ఇచ్చిన సిమ్ రెండేళ్ళు జేబులో తిరిగినా అది ఆయనదే. ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోయిన తరువాత కార్డు పోయినా, లైన్ ఆగినా దాన్ని బతికించడం నీ చేతిలో ఉండదు. అంతకంటే చెడ్డ సంగతి ఇంకొకటుంది. కంపెనీ కొన్నాళ్ళకు ఆ నంబర్‌ను మరొకరికి ఇస్తుంది. దానికి ఏ బ్యాంకు ఖాతానో తగిలించి ఉంటే నీ ఓటీపీలు ఆ కొత్తవాడి ఫోన్‌లో మోగుతాయి.

అయితే కొత్తగా దిగినవాడికి ఇఖామా ఉండదు కదా, సిమ్ తన పేరున ఎలా తీసుకుంటాడు? యజమాని ఇఖామా చేయించడానికి ప్రవేశించిన నాటి నుంచి తొంభై రోజుల గడువుంది. ఆ మధ్యకాలానికి ఒక తాత్కాలిక గుర్తింపు ఉంది. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో వేళ్ళ ముద్రలు, ఫోటో తీసుకున్నప్పుడే కంప్యూటర్ ఆ మనిషికి పది అంకెల సంఖ్య ఒకటి కేటాయిస్తుంది. దాన్నే బార్డర్ నంబర్ అంటారు; మనవాళ్ళ నోట అది హుదూద్ నంబర్. సిమ్ దుకాణానికి వెళ్ళేటప్పుడు కావలసినవి రెండే: అసలు పాస్‌పోర్టు, ఈ నంబర్. పాస్‌పోర్టు దిగీదిగగానే కంపెనీ మనిషి తీసేసుకుని ఉంటే, ఇఖామా పనికని చెప్పినా సరే, సిమ్ పని అయ్యేదాకా దాన్ని అడిగి తెచ్చుకోవాలి. జిరాక్సుతో పని జరుగుతుందని ఎవరైనా చెబితే, ఆ సిమ్ నీ పేరున పడకపోవచ్చని అనుమానించడం మంచిది.

పాస్‌పోర్టులో హుదూద్ నంబర్ ముద్ర అరబిక్ అంకెల్లో ఉంటే ఒక్క క్షణం ఆగి చదవాలి. అరబిక్ అయిదు గుండ్రంగా మన సున్నాలా ఉంటుంది. సున్నా ఒట్టి చుక్క. ఆరు చూడటానికి మనం రాసే ఏడులా ఉంటుంది. ఈ మూడింటి దగ్గరే తారుమారవుతుంది. విమానాశ్రయం దాటకముందే ఆ పది అంకెలనూ కౌంటర్‌లో ఎవరితోనైనా చదివించుకుని, మనకు తెలిసిన అంకెల్లో రాసుకుని, పాస్‌పోర్టు పేజీకి ఫోటో తీసుకుంటే తరువాత పని సులువు. పేరు గురించి మాత్రం పెద్దగా బెంగ పడనక్కర్లేదు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట, పేరు ఒకచోట, ఒక్కోసారి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. అరబిక్‌లోకి వెళ్ళేసరికి అది ఇంకో రూపు తీసుకుంటుంది. యంత్రం వెతికేది సంఖ్యతోనే.

ఒక మనిషిని ఊహించుకుందాం. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి దమ్మామ్‌కు వెళ్ళిన షట్టరింగ్ మేస్త్రీ. మొదటి శుక్రవారం సెలవు నాడు సిటీకి వెళ్ళి, ఎస్‌టీసీ, మొబైలీ, జైన్ అనే మూడు పెద్ద కంపెనీల్లో ఒకదాని సొంత షోరూమ్‌కు వెళ్ళాడు. విమానాశ్రయంలోనూ వాటి కౌంటర్లు ఉంటాయి, కానీ అక్కడ ముందుగా చూపేవి యాత్రికులకు తయారు చేసిన ప్యాకేజీలు. కొద్ది రోజుల గడువు, దానికి తగ్గ ధర. క్యాంపు చేరేదాకా విమానాశ్రయపు వైఫైతో ఇంటికి మెసేజ్ పెట్టి ఊరుకుంటే డబ్బు మిగులుతుంది.

షోరూమ్ కుర్రాడు ముందు హుదూద్ నంబర్ కొడతాడు. తరువాత కౌంటర్ మీది చిన్న గాజు పలక చూపించి వేలు పెట్టమంటాడు. సౌదీలో సిమ్‌కు వేలిముద్ర తప్పనిసరి అయింది 2016లో. అక్కడ జరిగేది ఏమిటంటే, కొట్టిన సంఖ్య ఆధారంగా ప్రభుత్వ రికార్డు నుంచి, ఇమిగ్రేషన్‌లో తీసిన ముద్ర వివరాలను ముందుకు తెస్తారు. ఇప్పుడు పెట్టిన వేలిని ఆ ఒక్క రికార్డుతోనే పోలుస్తారు. దేశంలోని కోట్ల ముద్రల్లో ఇది ఎవరిదో వెతకడం కాదిది. ఇతను తాను చెప్పిన మనిషేనా అన్నంతవరకే తేల్చడం. వేలి గీతలు ఎక్కడ ఆగిపోతాయి, ఎక్కడ రెండుగా చీలుతాయి అనే బిందువులను లెక్కపెట్టి, సరిపోలినవి ఒక హద్దు దాటితే యంత్రం అవునంటుంది.

కట్టుబడి పని చేసేవాళ్ళకు ఇబ్బంది ఇక్కడే. తడి సిమెంటు గాఢమైన క్షారం. అది చర్మాన్ని తింటుంది. ఇసుక, ఇనుప చువ్వలు, ప్లై చెక్కలు మిగిలిన గీతల్ని అరగదీస్తాయి. ఎండకు పగిలిన పొడి వేలు గాజుకు సరిగా అంటదు. రెండు మూడు నెలలు పని చేసిన మేస్త్రీ వేలు, దిగిన రోజు ఇచ్చిన ముద్రతో సరిపోలకపోవడం మామూలే. చేతులు కడుక్కుని, కాస్త వాజలీన్ రాసి, మిగిలిందంతా తుడిచి, బొటనవేలు కాకపోతే చూపుడువేలు, అదీ కాకపోతే ఎడమచెయ్యి ప్రయత్నించాలి. నాలుగు రోజులు సెలవొచ్చినప్పుడు వెళితే మరీ మంచిది, గీతలు కొంత తిరిగి వస్తాయి. కొత్తగా వచ్చినవాడికి ఇందులో ఒక లాభముంది. వేలు ఇంకా చెడలేదు కాబట్టి మొదటి వారంలోనే సిమ్ తీసుకుంటే పని తేలిగ్గా అవుతుంది.

ఇంతకీ ఈ వేలు ఏం రుజువు చేస్తుంది? ఈ మనిషి ఇతనే అని. ఇతను దేనికి ఒప్పుకున్నాడో దానికి తెలియదు. పల్లెల్లో ఖాళీ ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయించుకున్న షావుకారు తరువాత అంకె తనకు నచ్చినంత రాసుకున్నట్టే, తెర మీద ఎన్ని సిమ్‌ల దరఖాస్తు తెరిచి ఉందో గాజు పలకకు పట్టదు. తెర అరబిక్‌లో, అదీ కుర్రాడి వైపు తిరిగి ఉంటుంది. మోసం జరిగేది ఈ సందులోనే. రోడ్డు పక్క బల్ల వేసుకున్నవాడో, క్యాంపు గేటు దగ్గరికే మిషన్ తెచ్చినవాడో "పడలేదు, మళ్ళీ పెట్టు" అంటాడు. మొదటి ముద్రకు ఒక సిమ్, రెండో ముద్రకు ఇంకో సిమ్. రెండోది వాడి జేబులోకి పోతుంది. తరువాత దాన్ని ఎవరికో అమ్ముతాడు. ఆ సిమ్‌తో ఎవరైనా బ్యాంకు పేరు చెప్పి మోసం చేస్తే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది రికార్డులో ఉన్న మేస్త్రీ కోసమే. తనకు ఏమీ తెలియదని అరబిక్‌లో నిరూపించుకోవడం అతనికి ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

నిజంగా ముద్ర పడక మళ్ళీ అడిగేది కూడా ఉంటుంది కాబట్టి, రెండోసారి అడగ్గానే గొడవ పెట్టుకోవడం సరికాదు. తెర ఇటు తిప్పమని అడగాలి. అరబిక్ రాకపోయినా ఎర్ర గుర్తు, ఆకుపచ్చ గుర్తు తేడా కనిపిస్తుంది. ఆకుపచ్చ పడ్డాక, లేదా కొత్త సిమ్‌లో సిగ్నల్ వచ్చాక ఇంకా వేలు అడిగితే లేచి రావాలి. షోరూమ్ కుర్రాడు ఎవరో తెలుసు, కంపెనీ లెక్క ఉంటుంది. బల్లవాడు రేపు ఆ మూల ఉండడు. పది రియాళ్ళు తక్కువనో, సిమ్ ఊరికే ఇస్తున్నాడనో అక్కడ తీసుకోవడం నాకు ఏ రకంగానూ లాభంగా కనిపించదు.

జరిగిపోయినదాన్ని కనిపెట్టే దారి కూడా ఉంది. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ, పొట్టిగా సీఎస్‌టీ, అర్ఖామీ అనే సేవను నడుపుతోంది. 'నా నంబర్లు' అని దానర్థం. నీ గుర్తింపు సంఖ్య కింద ఏయే కంపెనీలో ఎన్ని నంబర్లు ఉన్నాయో అందులో కనిపిస్తాయి. ఇఖామా వచ్చి అబ్షర్ తెరుచుకున్న వెంటనే ఒకసారి, ఆపైన అప్పుడప్పుడు చూసుకోవాలి. తెలియని నంబర్ కనిపిస్తే ఆ కంపెనీ షోరూమ్‌కు వెళ్ళి మూసేయించాలి. ఆన్‌లైన్ చూడలేనివాడికీ ఒక గుర్తు దొరుకుతుంది. విదేశీయుడు ఒక్కొక్కడి పేరున ఇచ్చే ప్రీపెయిడ్ సిమ్‌లకు పరిమితి ఉంది. ఒక్క సిమ్మే తీసుకున్నవాడు రెండోదానికి వెళితే "నీ పేరున ఇంక ఇవ్వడం కుదరదు" అన్నారంటే, మిగతా చోటును ఎవరో వాడేశారన్నమాట. ఆ మాట విని వెనక్కి వచ్చేయకుండా ఆ నంబర్లేమిటో అక్కడే అడగాలి.

ఇక ప్లాన్. పోస్ట్‌పెయిడ్ గురించి ఒక్కమాట: మొదటి ఏడాది వద్దు. బిల్లు పెరిగి కట్టలేకపోతే ఆ బాకీ దేశపు రుణ రికార్డు సంస్థ సిమాకు చేరుతుంది. ప్రీపెయిడ్‌లో ఒక లెక్క తెలిసుండాలి. 2020 జూలై నుంచి సౌదీలో వ్యాట్ 15 శాతం. ఇరవై రియాళ్ళ బ్యాలెన్స్ కార్డు కావాలంటే ఇరవై మూడు ఇవ్వాలి; వంద కార్డుకు నూట పదిహేను. బోర్డు మీది ధరలో వ్యాట్ కలిసిందా లేదా అని అడగకపోతే దుకాణంలో మాటామాటా పెరుగుతుంది.

ఎంత డేటా కావాలో కాల్స్‌ను బట్టి లెక్కేసుకోవచ్చు. యాప్‌లో వట్టి మాట నిమిషానికి సుమారు అర మెగాబైటు తింటుంది. మామూలు నాణ్యతలో వీడియో కాల్ సుమారు అయిదు మెగాబైట్లు. మన మేస్త్రీ రోజూ రాత్రి అరగంట పిల్లల ముఖం చూస్తూ మాట్లాడితే రోజుకు 150 మెగాబైట్లు, నెలకు నాలుగున్నర జీబీ. అదే అరగంట మాట ఒక్కటే అయితే నెలకు అర జీబీ కూడా కాదు. కాబట్టి పెద్ద ప్యాకేజీని ఖాళీ చేసేది ఇంటి కాల్స్ కాదు, పడుకునే ముందు చూసే వీడియోలు, సినిమాలు. క్యాంపులో వైఫై ఉంటే వాటిని అక్కడికే వదిలి, చిన్న ప్యాకేజీతో నెట్టుకురావచ్చు.

ప్యాకేజీ పేరులో సోషల్ మీడియా డేటా అని వేరుగా ఉంటే జాగ్రత్త. వాట్సాప్ మెసేజ్‌లు అందులో లెక్కకొచ్చినా కాల్స్ రాకపోవచ్చు. ఆ కాల్స్‌కు సౌదీలో పాత కథ ఒకటుంది. ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధాన్ని 2017 సెప్టెంబర్‌లో ఎత్తేశారు, అయితే అక్కడి నియమాలకు ఒప్పుకున్న యాప్‌లకే అనుమతి. వాట్సాప్ కాల్ ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి కలవలేదు. మన ఊళ్ళలో ముసలమ్మలు కూడా ఐమో వాడటం నేర్చుకున్నది ఇలాంటి అడ్డంకుల వల్లే. ప్యాకేజీ కొనకముందే రూములో ఈ నెల ఏ యాప్‌లో కాల్ పోతోందో కనుక్కుని, అదే యాప్‌ను ఇంట్లో ముందే పెట్టించాలి.

కంపెనీ ఎంపికలో షోరూమ్ మాట నమ్మనక్కర్లేదు. దమ్మామ్ నడిబొడ్డున మూడు కంపెనీలకూ 5జీ నిండుగా వస్తుంది. మేస్త్రీ ఉండేది మాత్రం ఊరికి దూరంగా ఎడారిలో వేసిన పోర్టా క్యాబిన్‌లో. ఎక్కువ వేగమిచ్చే హెచ్చు పౌనఃపున్యపు తరంగాలు దూరం పోవు, రేకు గోడ దాటలేవు. అక్కడ పని చేసేది తక్కువ పౌనఃపున్యంలో దూరం పోయే పాత టవరు, అది మూడింట్లో ఒకదానిదే కావచ్చు. ఆ క్యాబిన్‌లో, ఆ మంచం మీద, రాత్రి తొమ్మిదింటికి ఎవరి ఫోన్‌లో కాల్ తెగకుండా పోతోందో చూసి అదే కంపెనీ తీసుకోవాలి.

ఇఖామా వచ్చినప్పుడు చాలామంది మరిచిపోయే పని ఒకటి మిగిలుంటుంది. ఇఖామాకు కొత్త సంఖ్య వస్తుంది; రెండుతో మొదలవుతుంది. సిమ్ మాత్రం ఇంకా హుదూద్ నంబర్ కిందే ఉంటుంది. మనిషి ఒకడే అయినా యంత్రానికి అవి రెండు వేరు సంఖ్యలు. సిమ్‌ను ఇఖామా నంబర్‌కు మార్చమని షోరూమ్‌లో అడిగి మళ్ళీ వేలు పెట్టాలి. అబ్షర్‌లో నమోదు చేసుకోవడం, అర్ఖామీలో చూసుకోవడం ఆ తరువాతే సాఫీగా సాగుతాయి. వేలు అరిగిపోయే పని చేసేవాడు ఇందుకు ఆలస్యం చేయకూడదు.

మన దేశపు సిమ్‌ను పారేయవద్దు. ఊళ్ళో బ్యాంకు ఖాతా ఓటీపీ దానికే వస్తుంది. విమానమెక్కకముందే అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించి, డేటా రోమింగ్‌ను మాత్రం ఫోన్ సెట్టింగుల్లో ఆపేయాలి. రోమింగ్‌లో వచ్చే మెసేజ్‌కు సాధారణంగా డబ్బు పడదు. పొరపాటున డేటా తెరుచుకుంటే మాత్రం బ్యాలెన్స్ నిమిషాల్లో ఖాళీ. రెండు సిమ్‌ల ఫోన్‌లో సౌదీది డేటాకు, మనది మెసేజ్‌లకు పెట్టుకోవడం అందరూ చేసేదే. మన సిమ్ బతికుండాలంటే గడువు చూసుకుంటూ ఇంటి నుంచి రీచార్జ్ చేయిస్తుండాలి.

ఛుట్టీకి ఇంటికొచ్చేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. రెండు నెలలు సౌదీ సిమ్‌లో రీచార్జ్ లేకపోతే లైన్ ఆగవచ్చు, ఇంకా ఆలస్యమైతే నంబరే పోవచ్చు. బయలుదేరే ముందు గడువు ఎంతవరకుందో కంపెనీ యాప్‌లో చూసి, తిరిగి వెళ్ళే తేదీ దాటేలా రీచార్జ్ చేసుకోవాలి. ఫైనల్ ఎగ్జిట్ అయితే వరుస వేరు. ముందు జీతం, సర్వీసు డబ్బులు చేతికి రావాలి. ఆ తరువాత వాలెట్‌లో, బ్యాంకులో మిగిలింది ఇంటికి పంపేయాలి. ఆ ఓటీపీలన్నీ వచ్చి అయ్యాక, అర్ఖామీలో కనిపించే ప్రతి నంబర్‌ను షోరూమ్‌లో మూసేయించి, మూసినట్టు వచ్చిన మెసేజ్‌కు ఫోటో తీసుకుని విమానాశ్రయానికి బయలుదేరాలి.